ఏడు రోజుల కథకు ఒక్క బత్తాయి చాలు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర. అమెరికాకు చదువుకు పోయిన పిల్లగాని మొదటి వారం మీద ఒక చిన్న కథ రాస్తున్న. ఏడు రోజులు, ఏడు భాగాలు అనుకున్న. మూడు రాసేసరికే డైరీ లెక్క అయింది. ఎయిర్‌పోర్టు, రూము, కాలేజీ అన్నీ ఉన్నయి గాని కథ లేదు. నేనైతే అమెరికా చూడలేదు. ఎట్ల సరిచేయాలె?

జవాబు:

మీ కథ డైరీ అయింది రోజుల వల్లనే. శుక్రవారం తర్వాత శనివారం వస్తుందని చదివేవాళ్లకు ముందే తెలుసు కాబట్టి, దానికోసం ఎవరూ తర్వాతి భాగం తెరవరు. మొదటి భాగంలో ఏదో ఒకటి తేలకుండా మిగలాలి. రెండో భాగంలో అది కొంచెం ముదరాలి, మూడో భాగానికి తప్పించుకోలేని దాకా రావాలి, నాలుగో భాగంలో తెగిపోవాలి. విమానం, రూము, కాలేజీ దానికి అవసరమైనంత మేరకే వస్తాయి. అందుకని ఏడు భాగాలు వద్దు, నాలుగు చాలు. తేలకుండా మిగిలేది పెద్ద ఆపద కానక్కరలేదు. మొదటి వారంలో దూరదేశం పోయిన ప్రతి పిల్లవాడూ ఇంటికి ఫోన్ చేసి ఏదో ఒక చిన్న అబద్ధం ఆడతాడు. తిన్న అంటాడు, నిద్ర పట్టింది అంటాడు, చలేం లేదు అంటాడు. ఆ అబద్ధాల్లో ఒకదాన్ని పట్టుకుని దానితోనే వారమంతా నడపండి.

మీది దేవరకొండ కాబట్టి బత్తాయితోనే చేసి చూపిస్తాను. పిల్లగాని పేరు నరేశ్ అనుకుందాం. బత్తాయి అంటుమొక్క కాపుకు రావాలంటే నాలుగైదేళ్లు పడుతుంది. నరేశ్ ఇంటర్‌లో ఉన్నప్పుడు వాళ్ల నాయిన నాటిన తోట, వాడి బీటెక్ అయిపోయే వేళకు మొదటిసారి కాసిందంటే లెక్క సరిపోతుంది. ఆగస్టులో ప్రయాణం. కాయ ఇంకా ఆకుపచ్చగానే ఉంది. కొడుకు మొదటి కాపు తినకుండా పోతాడని నాయిన తొందరపడి ఒక కాయ కోస్తాడు. అమ్మ దాన్ని తువ్వాలలో చుట్టి భుజానికేసుకునే బ్యాగులో, లాప్‌టాప్ కింద పెడుతుంది. "ఆడ రూముల దిగినంక తిను బిడ్డా" అంటుంది. ఇంటి దగ్గర జరిగేదంతా ఇంతే. ఇది రెండు వందల మాటలు దాటితే మళ్లీ వీడ్కోలు ఏడుపుల్లోకి జారిపోతుంది.

బత్తాయినే ఎందుకు తీసుకున్నానో చెప్పాలి. అమెరికాలోకి తాజా పండ్లు తీసుకుపోనివ్వరు. పురుగులు, తెగుళ్లు వాళ్ల తోటలకు అంటుకుంటాయని భయం, అందులోనూ నిమ్మజాతి కాయలంటే మరీ గట్టిగా చూస్తారు. మామిడికాయ పచ్చడి, కారప్పొడి, సకినాలు ఉన్నాయని చెబితే మామూలుగా పోనిస్తారు, మాంసం పచ్చడి అయితే పోనివ్వరు. పండు ఉందని అడిగినప్పుడు చెప్పేస్తే తీసుకుని పారేస్తారు, జరిమానా ఉండదు. లేదని చెప్పి దొరికితే మొదటిసారికే వందల డాలర్ల జరిమానా వేయవచ్చు. అంటే మీ నరేశ్ ముందు రెండు దారులున్నాయి, రెండింట్లోనూ బత్తాయి పోతుంది. విమానంలో తినేసి ఉంటే దక్కేది, దానికి ఎవరి అడ్డూ లేదు. కానీ అమ్మ రూములో తినమంది కాబట్టి వాడు దాచుకున్నాడు. అంత చిన్న మాటకు కట్టుబడే పిల్లవాడని ఇక్కడే తెలిసిపోతుంది. వాడి స్వభావం గురించి వేరే వాక్యం రాయకండి.

ఈ సోదా ఎక్కడ జరుగుతుందనేది చాలామంది తప్పు రాస్తారు. శంషాబాద్ నుంచి దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో డాలస్ పోతే, పాస్‌పోర్టు చూసేది, సామాను అడిగేది డాలస్‌లోనే. అబుదాబి మీదుగా పోయే విమానమైతే అమెరికా అధికారులు అబుదాబిలోనే ఆ పని ముగించేస్తారు. అమెరికాలో దిగాక ఊళ్లోంచి ఊళ్లోకి వచ్చినట్టు నేరుగా బయటికి నడిచి పోవడమే. మీ కథలో అబుదాబి అని రాసి, డాలస్‌లో ఆఫీసరును నిలబెడితే, పోయొచ్చినవాళ్లు ఆ పేరా దగ్గరే ఆగిపోతారు. దోహా అని పెట్టుకోండి, ఇబ్బంది లేదు. వరస కూడా గుర్తుంచుకోండి: ముందు పాస్‌పోర్టు, వేలిముద్రలు, తర్వాత తిరిగే బెల్టు మీద పెట్టెలు తీసుకోవడం, ఆ తర్వాతే తినే వస్తువుల బల్ల. పాస్‌పోర్టు కాడ కూడా "తినేవి ఏమన్నా తెచ్చినవా" అని అడగొచ్చు.

మొదటి భాగంలో ఆ బల్ల దగ్గరి సన్నివేశం ఇంత ఉంటే సరిపోతుంది:

తినే వస్తువులు ఏమున్నాయని అడిగింది ఆఫీసరు. పచ్చడి, కారప్పొడి, సకినాలు అని చెప్పుకుంటూ పోయి నరేశ్ ఒక్కక్షణం ఆగిండు. ఒక కాయ ఉన్నది అన్నడు.

ఆమె చెయ్యి చాపింది. తువ్వాల విప్పితే కాయ ఒక పక్కకు నొక్కుకుపోయి ఉంది. నొక్కుకున్న చోట తొక్క చెమ్మగిల్లి, తువ్వాల మీద పచ్చటి మరక పడింది. ఆమె గ్లౌజు చేత్తో కాయను తీసుకుని పక్కనున్న డబ్బాలో వేసింది. తువ్వాలను మాత్రం మడత పెట్టి తిరిగి ఇచ్చింది.

బయటికొచ్చి వైఫై కలపంగనే ఫోన్ మోగింది.

"అన్నం తిన్నవా బిడ్డా?"

"తిన్న."

"బత్తాయి?"

తువ్వాల ఇంకా చేతిలోనే ఉంది. "అది గూడ తిన్న."

"తియ్యగున్నదా?"

"మస్తు తియ్యగున్నదమ్మా."

భాగం ఇక్కడితో ఆగాలి. వాడికి బాధ కలిగిందని, కళ్లు చెమర్చాయని ఒక్క ముక్క చేర్చినా ఆ చివరి మాట బరువు తగ్గుతుంది. ఆఫీసరును దుర్మార్గురాలిగా చూపించే పని కూడా లేదు. ఆమె తన పని తాను చేసింది, తువ్వాల మడత పెట్టి ఇచ్చింది. భాగం చివర పాఠకుణ్ణి నిలబెట్టడానికి చాలామంది "ఆఫీసరు పక్కకు రమ్మంది" అని ఆపుతారు. తర్వాతి భాగంలో ఏమీ జరగలేదని తేలగానే పాఠకుడికి మోసపోయినట్టుంటుంది. అబద్ధం దగ్గర ఆపితే ఆ చిక్కు రాదు. అది ఎప్పుడు బయటపడుతుందా అని వాళ్లే తర్వాతి భాగం దాకా మోసుకుపోతారు.

ఇక గడియారం. అమెరికా చూడనివాళ్ల కథలు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతాయి. ఆగస్టులో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. లెక్క సులువు: డాలస్ టైములో పగలును రాత్రి చేసి, రాత్రిని పగలు చేసి, గంటన్నర తీసేయండి. అక్కడ తెల్లవారుజాము మూడైతే ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. అక్కడ రాత్రి ఎనిమిదైతే ఇక్కడ మర్నాడు పొద్దున ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు, అప్పుడు తేడా పదకొండున్నర అవుతుంది. మీ కథ ఆగస్టులోనే ముగుస్తుంది కాబట్టి ఆ బెడద లేదు.

శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికి శంషాబాద్‌లో విమానం ఎక్కి, దోహాలో ఆగిన సమయంతో కలిపి ఇరవై రెండు గంటలు ప్రయాణం చేస్తే, డాలస్‌లో అదే శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు దిగుతాడు. నరేశ్‌కు ఆ శుక్రవారం ముప్పై నాలుగున్నర గంటల రోజు. బల్ల దాటి బయటికి వచ్చేసరికి నాలుగున్నర అయిందనుకోండి, అమ్మ ఫోన్ చేసేది ఇక్కడ శనివారం తెల్లవారుజాము మూడింటికి. ఆమె పడుకోలేదని మీరు చెప్పనక్కరలేదు. "ఇంట్లో మూడయింది" అన్న ఒక్క మాట ఎక్కడో పెట్టండి, చాలు.

శరీరం ఈ తేడాకు అలవాటు పడటానికి వారం పైనే పడుతుంది. మొదటి రెండు మూడు రోజులు సాయంత్రం నాలుగింటికే కళ్లు మూతలు పడతాయి, తెల్లవారుజామున రెండు మూడింటికి ఆకలితో మెలకువ వస్తుంది. ఎందుకంటే కడుపు ఇంకా దేవరకొండ మధ్యాహ్నంలోనే ఉంది. కథకు ఇది ఎంతో పనికొస్తుంది. రెండో భాగం ఆదివారం తెల్లవారుజాము మూడింటికి మొదలుపెట్టండి, నాలుగో భాగం ఆ తర్వాతి శుక్రవారం ఐదింటికి. మెలకువ మూడు నుంచి ఐదుకు జరిగిందంటే పిల్లవాడు అక్కడ కుదురుకుంటున్నాడని అర్థం. ఆ సంగతి వాక్యంగా రాయాల్సిన పని లేదు.

రెండో భాగంలో ఏం జరగాలి? మూడింటికి లేచి వాడు వంటకు దిగుతాడు. మధ్యాహ్నం అన్నం మిగిలింది, పోపు వేసుకుని తిందామనుకుంటాడు. ఇక్కడ పొయ్యిని సరిగ్గా చూపించండి. చాలా అద్దె ఇళ్లలో ఉండేది గ్యాస్ కాదు, కరెంటు చుట్ట పొయ్యి. గ్యాస్ పొయ్యి కట్టేయగానే మంట పోతుంది. ఈ చుట్ట కట్టేసినా ఇంకా కొన్ని నిమిషాలు ఎర్రగానే ఉంటుంది. ఇంట్లో అలవాటు ప్రకారం ఎండుమిర్చి ఎర్రబడగానే పొయ్యి కట్టేసి గిన్నె అక్కడే ఉంచుతాడు. ఆవాలు, మిర్చి మాడి ఘాటు లేస్తుంది. లోకప్పు మీద పొగను పసిగట్టే సాసరంత గుండ్రటి డబ్బా ఉంటుంది, అది కేకలు మొదలుపెడుతుంది. రూమ్మేట్లు లేస్తారు.

ఇక్కడ ఫైరింజన్లను పిలవకండి. అపార్ట్‌మెంటులో ఆ డబ్బా సాధారణంగా ఆ ఇంట్లో మాత్రమే మోగుతుంది, పొగ పోతే ఆగిపోతుంది. యూనివర్సిటీ హాస్టలు అయితే వేరు. అక్కడ చాలాచోట్ల అది భవనం మొత్తానికీ కలిసి ఉంటుంది, అందరూ చలిలోనైనా మెట్లు దిగి బయట నిలబడాల్సిందే. మీ నరేశ్‌ను అపార్ట్‌మెంటులోనే ఉంచండి. కిటికీ తెరిచి, ఏదైనా గుడ్డ తీసుకుని ఆ డబ్బా కింద విసరాలి. వాడి చేతికి దొరికేది బత్తాయి చుట్టిన తువ్వాల. తొక్కలో నూనె ఉంటుంది, నొక్కుకుపోయినప్పుడు అది గుడ్డకు పట్టింది. విసిరిన ప్రతిసారీ మిర్చి ఘాటులోంచి సన్నగా ఆ వాసన వస్తుంది. రూమ్మేటు ఆ వాసన పట్టాలి.

ఆ రూమ్మేటును అనంతపురం పిల్లవాణ్ణి చేయండి. మన నల్గొండ లాగే అదీ బత్తాయి నేల, కానీ వాళ్లు చీనీకాయ అంటారు. "ఏంరా, చీనీకాయ వాసన వస్తాంది? యాడ తెచ్చినావు?" అని వాడు అడగగానే నరేశ్‌కు రెండు సంగతులు ఒకేసారి తగులుతాయి. ఒకటి, తన ఇంటి కాయకు ఇంకో పేరు ఉందని. రెండు, ఈ మనిషికి తన అబద్ధం చెల్లదని. ఎందుకంటే ఆ బల్ల దాటి వచ్చినవాడే కదా అతనూ. రెండో భాగం ఇక్కడ ముగించవచ్చు. వీలైతే ఆ మాటకు ముందే అమ్మ ఫోన్ రానివ్వండి. ఇక్కడ ఆదివారం మధ్యాహ్నం, అందరూ ఇంట్లోనే ఉన్నారు. "చిన్నమ్మకు గూడ చెప్పిన, మా వాడు అమెరికల మన బత్తాయి తిన్నడని" అంటుంది. అబద్ధం ఊళ్లోకి పోయింది.

భాష గురించి ఇక్కడే చెప్పేస్తాను. అమ్మ మాటలు మీ ఇంట్లో ఎట్లా ఉంటాయో అట్లాగే రాయండి: తిన్నవా, ఎట్లున్నది, పోయిన్నాడు, తీ. వాటిని పత్రిక తెలుగులోకి దిద్దితే అమ్మ పోయి ఇంకెవరో వస్తారు. కథ చెప్పే గొంతు మాత్రం మీరు ఏది ఎంచుకుంటే అది, నాలుగు భాగాల్లోనూ ఒకటే ఉండాలి. ఇంకొకటి గమనించండి. నరేశ్ అమ్మతో "తిన్న" అంటాడు, రూమ్మేట్లతో రెండు మూడు రోజుల్లోనే "తిన్నాను" అనడం మొదలుపెడతాడు. ఎవరూ అడగకుండానే అది జరుగుతుంది. ఒకసారి పొరపాటున అమ్మతోనే "తిన్నానమ్మా" అననివ్వండి. ఆమె ఒక క్షణం ఆగి, ఇంకేదో అడుగుతుంది. దేశం మారిన గుర్తు అంతకంటే దగ్గరగా చూపించలేం. ఆఫీసర్ల ఇంగ్లీషును తెలుగు లిపిలో వాక్యాలు వాక్యాలుగా దింపకండి, నరేశ్‌కు అర్థమైన మేరకు తెలుగులో చెప్పండి. అర్థం కాని చోట, కాలేదనే రాయండి.

మూడో భాగం మంగళవారం రాత్రి ఎనిమిదింటికి పెట్టండి. ఇక్కడ బుధవారం పొద్దున ఆరున్నర, నాయిన తోటకు పోయే వేళ. ఈసారి ఫోన్లో మాట్లాడేది ఆయన. రైతుకు పండు తీపి కంటే గింజ ముఖ్యం. "గింజలు పారేయకు, ఆడ మట్టిల ఏసి చూడు. ఒక ఫొటో పంపు" అంటాడు. మన బత్తాయికి గింజలుంటాయి. నరేశ్ దగ్గర గింజలు లేవు. పక్కనున్న దుకాణానికి పోయి ఒక ఆరెంజ్ తెస్తాడు, ధరను రూపాయల్లోకి మార్చి చూసుకుంటాడు. కథ మొత్తంలో ఈ మార్పిడి ఒక్కసారే చేయించండి, ప్రతి వస్తువుకూ చేయిస్తే విసుగు పుడుతుంది. ఇంటికొచ్చి కోస్తాడు. లోపల గింజలు లేవు. ఆ దేశంలో తినడానికి ఎక్కువగా అమ్మే నేవల్ ఆరెంజ్‌కు గింజే ఉండదు, కింద బొడ్డులా ఉండే రకం అది. నాలుగు ముక్కలు చేసి, ప్రతి ముక్కా వేళ్లతో విప్పి చూస్తాడు. బల్లంతా రసం. ఫోన్ మోగుతుంది. ఆపేయండి.

ఈ భాగంలో అనంతపురం పిల్లవాడు ఏమీ చెప్పకుండా పక్కన నిలబడితే చాలు. తనూ ఒక ముక్క తీసుకుని తింటాడు. "చీనీ కాదులే" అంటాడు. సలహా ఇప్పించకండి. అబద్ధం వద్దని చెప్పే స్నేహితుడు కథలో దిగిన క్షణం నుంచి పాఠకుడికి ఇక ఆలోచించడానికి ఏమీ మిగలదు.

నాలుగో భాగానికి ఆధారం బత్తాయి స్వభావంలోనే ఉంది. మామిడి, అరటి, సీతాఫలం కోసిన తర్వాత కూడా పండుతాయి. బత్తాయి అట్లా కాదు. చెట్టు మీద ఎంత తీపి ఎక్కిందో అంతే, కోశాక తొక్క రంగు మారవచ్చు గానీ లోపల తీపి పెరగదు. నాయిన తొందరపడి కోసిన కాయ తియ్యగా ఉండే వీలే లేదు. తోట ఉన్న ఇంట్లో ఈ సంగతి చెప్పాల్సిన పని ఉండదు. అంటే మొదటి రాత్రి "మస్తు తియ్యగున్నది" అన్నప్పుడే అమ్మకు తెలిసిపోయింది. వారమంతా తెలియనట్టే మాట్లాడింది. ఈ ఒక్క విషయం మీ దగ్గర ఉన్నదన్న ధైర్యంతోనే మిగతా మూడు భాగాలూ రాయాలి. కానీ నాలుగో భాగం దాకా దాన్ని బయట పెట్టకూడదు. పూర్తిగా దాచినా అన్యాయమే. అందుకే మొదటి భాగంలో, కోసేటప్పుడు, "ఇంకా పచ్చిగనే ఉన్నదేమొ" అని అమ్మ చేత ఒక మాట అనిపించండి. నాయిన వినిపించుకోనట్టు కోసేస్తాడు. చివరికి వచ్చాక పాఠకుడు ఆ మాటను తనే వెనక్కి వెళ్లి పట్టుకుంటాడు.

చివరి సన్నివేశం ఇట్లా ఉండవచ్చు. శుక్రవారం పొద్దున ఐదు, ఇంట్లో మధ్యాహ్నం మూడున్నర:

"లేచినవా?"

"ఇప్పుడే లేచిన. అమ్మా, గింజల ఫొటో…"

"అదేం వద్దు తీ. నువ్వు పోయిన్నాడు, ఎయిర్‌పోర్టు కాడికెల్లి వచ్చినంక మీ నాయిన ఇంకొకటి కోసిండు. చెరిసగం తిన్నం."

నరేశ్ కిటికీ దగ్గరికి పోయిండు. కింద పార్కింగులో దీపాలు ఇంకా వెలుగుతనే ఉన్నయి.

"చప్పగున్నది కొడుకా."

అవతల కుక్క మొరిగింది, గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడయింది.

"గుంజుకున్నరమ్మా. దిగంగనే."

"మల్ల దసరకు పండుతయి తీ. కూర ఏమొండుకున్నవ్?"

దసరాకు వాడు రాలేడని ఇద్దరికీ తెలుసు, పాఠకుడికీ తెలుసు. చెట్టు మీద మిగిలిన కాయలు అప్పటికి తియ్యబడతాయన్నది కూడా నిజమే. దీని తర్వాత ఒక్క వాక్యం కూడా వద్దు. ఈ సన్నివేశం రాసేటప్పుడు అమ్మ చేత "ఎందుకు అబద్ధమాడినవ్" అనిపించాలని చేయి పీకుతుంది. అనిపించకండి. కూర సంగతి అడగడమే ఆమె మాట.

అమెరికా చూడలేదని వెనకాడకండి, కానీ మొదటి వారంలో జరగనివి రాయకుండా చూసుకోండి. విద్యార్థి వీసా మీద పోయినవాడు మూడో రోజుకే పెట్రోలు బంకులో పనికి కుదిరినట్టు చాలా కథల్లో కనిపిస్తుంది. క్యాంపస్ బయట ఉద్యోగం ఆ వీసాకు అనుమతి లేకుండా కుదరదు. దొరికితే వీసా హోదాయే పోతుంది. క్యాంపస్ లోపల పని, క్లాసులు నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటల దాకా చేయవచ్చు. దానికి కావలసిన సోషల్ సెక్యూరిటీ నంబరుకు ముందు ఆ ఉద్యోగం ఇస్తామన్న ఉత్తరం ఉండాలి. దిగాక పది రోజులాగి దరఖాస్తు చేయమంటారు. అంటే మీ ఏడు రోజుల కథలోకి ఆ నంబరు రానే రాదు. బ్యాంకు ఖాతా మాత్రం పాస్‌పోర్టు, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం, ఇంటి చిరునామా చూపించి తెరవవచ్చు. కార్డు చాలాసార్లు పోస్టులో వస్తుంది, కాబట్టి ఈ వారం వాడు ఇంటి దగ్గరే డాలర్లు వేయించుకుని తెచ్చుకున్న ఫారెక్స్ కార్డు మీదే నడుస్తాడు. ఈ సంగతులన్నీ కథలో చెప్పనక్కరలేదు, వీటికి అడ్డం పోకుండా ఉంటే చాలు.

ఒక్కో భాగం ఐదారు వందల మాటలు దాటనీయకండి. మూడో భాగమే మొదట కంటబడేవాళ్లు కూడా ఉంటారు. అందుకని ప్రతి భాగం మొదటి రెండు వాక్యాల్లో మూడు సంగతులు పడాలి: పిల్లవాడు ఎవరు, ఎక్కడున్నాడు, ఇంట్లో ఇప్పుడు టైమెంత. "డాలస్‌లో రాత్రి ఎనిమిదయింది. దేవరకొండలో నరేశ్ వాళ్ల నాయిన తోటకు బయలుదేరిండు" అంటే మూడూ వచ్చేశాయి. జరిగిన కథ మళ్లీ చెప్పడం వద్దు. బదులుగా, అబద్ధాన్ని గుర్తు చేసే ఒక వస్తువు కనిపిస్తే సరి. రెండో భాగంలో తువ్వాల, మూడో భాగంలో కోసిన ఆరెంజ్. నాలుగు భాగాలూ పూర్తయ్యేదాకా మొదటిది బయట పెట్టకండి. "పచ్చిగనే ఉన్నదేమొ" లాంటి మాటలు చివరిది రాశాకే వెనక్కి వచ్చి నాటాల్సి వస్తుంది, ఒకసారి జనం చదివేశాక అది కుదరదు.

మీరు ఇప్పటికే రాసిన మూడు భాగాలు పారేయకండి. ఎయిర్‌పోర్టు భాగంలో ఇంటి దగ్గర పెట్టెలు తూచే చోటు ఉండే ఉంటుంది. ఇరవై మూడు కిలోల పెట్టెలు రెండు, చేతి బ్యాగు ఒకటి, కిలో ఎక్కువైందని అమ్మ ఏదో తీసి ఇంకేదో పెట్టడం. బత్తాయి బ్యాగులోకి చేరేది అక్కడే, ఆ పేరా ఒక్కటి మొదటి భాగంలోకి తెచ్చుకోండి. రూము భాగంలోంచి పొయ్యి, లోకప్పు మీది డబ్బా తీసుకోండి. కాలేజీ భాగంలోంచి ఏదీ అక్కరలేదు. క్లాసులు ఆ మరుసటి సోమవారం మొదలవుతాయని రూమ్మేటు చేత ఒక మాట అనిపిస్తే సరిపోతుంది.